చివరి రెండక్షరాలు ఎవరివి?

అందరికీ నమస్కారం. ముందుగా స్క్రీన్ మీద ఒక అడ్రస్ వేస్తున్నాను, చూడండి.

`abcnews.com.co`

రెండు సెకన్లు చూపించి తీసేస్తే, ఇది అమెరికాలోని ఏబీసీ న్యూస్ టీవీ సంస్థ సైటేనని చాలామంది అంటారు. కన్ను abcnews దగ్గర మొదలై .com దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాతి .co కనిపించినా, .com పక్కన ఏదో చిన్న ముక్క ఉందిలే అని వదిలేస్తాం. నిజానికి ఆ సైటుకూ ఏబీసీకీ ఏ సంబంధమూ లేదు. అది అసలు సంస్థ లోగోను పోలిన లోగో పెట్టుకుని, కట్టుకథలను వార్తల్లా అచ్చేసేది. ట్రంప్ సభ దగ్గర గొడవ చేయడానికి తనకు 3,500 డాలర్లు ముట్టాయని ఒక నిరసనకారుడు ఒప్పుకున్నాడంటూ 2016 మార్చిలో ఒక కథనం వేసింది. ట్రంప్ ప్రచార మేనేజర్ స్వయంగా దాన్ని నిజమనుకుని ట్విట్టర్‌లో పంచుకున్నాడు. ఆయన దగ్గర ఎన్నికల ప్రచారం నడిపే తెలివి ఉంది కానీ, అడ్రస్‌ను కుడివైపు నుంచి చదివే అలవాటు లేకపోయింది.

ఈ రోజు ఆ అలవాటు గురించే మాట్లాడుకుందాం.

తెలుగు పేర్లలో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. డొమైన్ పేరులో ఇది తిరగబడుతుంది. ఇంటిపేరు చివర ఉంటుంది. మీ కంప్యూటర్ కూడా అలాగే, చివరి నుంచే చదువుతుంది. abcnews.com.co ఎక్కడుందో కనుక్కోవాలంటే ముందు ఇంటర్నెట్ మూల సర్వర్లను “co ఎవరి దగ్గర ఉంది?” అని అడుగుతారు. “కొలంబియా రిజిస్ట్రీ సర్వర్ల దగ్గర” అని జవాబు వస్తుంది. రిజిస్ట్రీ అంటే ఆ ఇంటిపేరు కింద పేర్లు ఇచ్చి, వాటి పట్టిక ఉంచే సంస్థ. అక్కడికి వెళ్లి com.co లోపల abcnews అనే పేరు ఎవరిదని అడుగుతారు. దాన్ని ఎవరు కొనుక్కున్నారో వాళ్ల సర్వర్ చిరునామా వస్తుంది. ఈ ప్రయాణం మొత్తంలో మనకు తెలిసిన .com రిజిస్ట్రీని ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగరు. ఇక్కడ com అన్నది కొలంబియా ఇంటి లోపల ఒక గదికి పెట్టుకున్న పేరు. అమెరికా .com తో దానికి చుట్టరికం లేదు.

కొలంబియా చాలాకాలం నేరుగా .co కింద పేర్లు ఇచ్చేది కాదు. com.co, org.co, edu.co లాంటి గదుల్లోనే ఇచ్చేది. 2010 జూలైలో నేరుగా .co కింద ప్రపంచంలో ఎవరైనా కొనుక్కునేలా తలుపులు తెరిచారు. కంపెనీకి పొట్టిపేరు అన్నట్టుగా .co ని అమ్మారు. ఎన్నో నిజమైన కంపెనీలు కొనుక్కున్నాయి కూడా. కానీ .com టైపు చేస్తూ చివరి m వదిలేస్తే వచ్చేది కూడా .co నే. కాబట్టి అదే తలుపు గుండా రెండు రకాల జనం వచ్చారు.

ఇలాంటి రెండు మెట్ల ఇంటిపేర్లు ఏవేవో బ్రౌజర్‌కు ఎలా తెలుస్తుంది? co.uk, com.co, com.au లాంటివన్నీ చేర్చిన ఒక జాబితా ఉంది. దాన్ని పబ్లిక్ సఫిక్స్ లిస్ట్ అంటారు. మామూలు టెక్స్ట్ ఫైల్ అది. దాని ఆధారంగానే ఫైర్‌ఫాక్స్ అడ్రస్ బార్‌లో ఎవరో కొనుక్కున్న అసలు ముక్కను కాస్త ముదురు రంగులో, మిగతాదంతా లేత రంగులో చూపిస్తుంది. ఈసారి గమనించండి. secure-login.abcnews.com.co అని ఎంత పొడవున్నా, ముదురుగా కనిపించేది abcnews.com.co ఒక్కటే. చూపు నిలపాల్సింది అక్కడ.

చేత్తో చేయాలంటే పద్ధతి ఇది. అడ్రస్‌లో `https://` తర్వాత వచ్చే మొదటి ఒంటి గీత, అంటే / గుర్తు, వెతకండి. అది లేకపోతే అడ్రస్ చివరకే వెళ్లండి. అక్కడి నుంచి ఎడమకు నడవండి. మొదట తగిలేది ఇంటిపేరు. అది రెండక్షరాలదైతే, దానికి ఎడమపక్క com, co, org, net, ac లాంటి చిన్న ముక్క ఉంటే, ఆ రెండూ కలిపి ఒకే ఇంటిపేరు అయి ఉండొచ్చు. దానికి ఎడమపక్కన ఉన్నదే ఎవరో డబ్బిచ్చి కొనుక్కున్న పేరు. ఇంకా ఎడమకు ఉన్నదంతా ఆ కొనుక్కున్నవాళ్లు తమ ఇష్టం వచ్చినట్టు రాసుకున్నది. ఆ భాగంలో పెద్ద బ్యాంకు పేరున్నా, ప్రభుత్వ శాఖ పేరున్నా పట్టించుకోనక్కర్లేదు.

తాళం గుర్తు ఉంది కదా అనొచ్చు మీరు. తాళం చెప్పేది ఒక్కటే: ఈ డొమైన్ ఎవరి చేతిలో ఉందో వాళ్లకూ మీకూ మధ్య మాటలు దారిలో ఎవరూ వినలేరని. abcnews.com.co కొనుక్కున్నవాడు abcnews.com.co కి సర్టిఫికెట్ అడిగితే నిమిషాల్లో, ఉచితంగా వస్తుంది. అందులో తప్పేమీ లేదు, ఆ పేరు అతనిదే కదా. దొంగతో మాట్లాడుతున్నా ఆ మాటలు గుట్టుగానే ఉంటాయి, అంతే.

అసలు ఒక దేశపు పేరు పరాయి పనికి ఎలా వెళ్తుంది? దీనికి మూలం ఒక పాత నిర్ణయంలో ఉంది. ఏది దేశం, ఏది కాదు అనే తగువులోకి ఇంటర్నెట్ నిర్వాహకులు దిగదలుచుకోలేదు. ఐఎస్ఓ 3166-1 అనే ప్రమాణంలో అప్పటికే రెండక్షరాల దేశ సంకేతాల జాబితా ఉంది. దాన్నే తీసుకున్నారు. అప్పట్లో ఈ పేర్ల కేటాయింపు చూసిన జాన్ పోస్టెల్ 1994 మార్చిలో రాసిన ఆర్ఎఫ్‌సీ 1591 అనే పత్రం ఈ సంగతి సూటిగానే చెబుతుంది: ఏది దేశమో తేల్చడం మా పని కాదు అని. ఒక్కో సంకేతాన్ని ఒక్కో నిర్వాహకుడికి అప్పగించారు. పేర్లు ఎవరికివ్వాలి, ఎంతకివ్వాలి, ఆ దేశంలో ఉండేవారికేనా అందరికీనా అన్నవి వాళ్ల ఇష్టానికే వదిలేశారు. .com లాంటివాటికి ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ అనే సంస్థతో ఒప్పందం ఉంటుంది, ఆ ఒప్పందంలో షరతులుంటాయి. దేశ సంకేతాల మీద ఐకాన్‌కు అలాంటి పట్టు లేదు.

ఇక ఆ రెండక్షరాలు ఏవో భాషలో మాటలైపోవడం యాదృచ్ఛికం. టువాలూకు tv వచ్చింది. ఆంగ్విల్లాకు ai వచ్చింది. మాంటెనీగ్రోకు me వచ్చింది. ఇవి ఏ గుట్టూ లేకుండా, బాహాటంగా అమ్ముకునే పేర్లు. టీవీ కార్యక్రమానికి .tv చూసి టువాలూ వెళ్లాననుకునేవాడెవడూ లేడు. ఆంగ్విల్లా జనాభా పదహారు వేలకు అటూఇటూ. 2023లో ఆ ప్రభుత్వ ఆదాయంలో ఐదో వంతుకు పైగా .ai డొమైన్ల నుంచే వచ్చింది. నా దృష్టిలో దీన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. కాస్త తికమక పెట్టేవి వేరే ఉన్నాయి. .ac ని చూస్తే విశ్వవిద్యాలయం అనిపిస్తుంది, ఎందుకంటే బ్రిటన్‌లో ac.uk నిజంగానే విద్యాసంస్థలకు కట్టుదిట్టంగా ఇచ్చేది. కానీ ఒంటి .ac అసెన్షన్ ద్వీపానిది, ఎవరైనా కొనుక్కోవచ్చు. .md చూస్తే డాక్టర్ అనిపిస్తుంది, అది మోల్డోవాది. ఆ పేరు ఇచ్చేముందు డాక్టర్ పట్టా ఎవరూ అడగరు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన అన్నట్టు.

అర్థం కలిసొచ్చే పేర్ల కంటే, ఒక అక్షరం జారితే చేరుకునే పేర్లు ఎక్కువ నష్టం చేశాయి. వీటిలో రెండింటిని దగ్గరగా చూద్దాం.

మొదటిది .cm, కామెరూన్. .com లో o జారితే .cm. 2006 ఆగస్టులో ఆ రిజిస్ట్రీ సర్వర్లలో ఒక మార్పు జరిగింది. అంతవరకూ ఎవరూ కొనని పేరు అడిగితే “అలాంటి పేరు లేదు” అని జవాబు వచ్చేది. ఆ మార్పు తర్వాత ఏ పేరు అడిగినా “ఉంది, ఇదిగో చిరునామా” అని ఒకే ఒక్క ఐపీ చిరునామా రావడం మొదలైంది. దీన్ని వైల్డ్‌కార్డ్ అంటారు. రిజిస్ట్రీ ఫైల్లో నక్షత్రం గుర్తుతో ఒక్క వరుస చేర్చితే చాలు. ఒక్కో పేరూ కొనాల్సిన ఖర్చు లేదు. ప్రపంచంలో ఎవరు ఏ .com సైటు పేరు టైపు చేస్తూ o వదిలేసినా, అందరూ ప్రకటనలతో నిండిన ఒకే పేజీకి చేరేవారు. ప్రకటన మీద ఎవరైనా నొక్కితే డబ్బు.

ఇలాంటి పని .com లోనే అంతకుముందు జరిగింది. 2003 సెప్టెంబరు 15న, .com, .net రెండింటినీ నడిపే వెరిసైన్ సంస్థ వాటికి సైట్‌ఫైండర్ పేరుతో వైల్డ్‌కార్డ్ పెట్టింది. ఎక్కడెక్కడి ప్రోగ్రాములో దెబ్బతిన్నాయి. స్పామ్ మెయిల్‌ను ఏరిపారేసే ప్రోగ్రాములు “పంపినవాడి డొమైన్ అసలు ఉందా?” అని అడిగి, లేదంటే ఆ మెయిల్‌ను పడేసేవి. ఇప్పుడు అన్నీ ఉన్నాయనే జవాబు వస్తుంటే ఆ వడపోత పనికిరాకుండా పోయింది. ఐకాన్ గట్టిగా అడిగింది, అక్టోబరు 4న వెరిసైన్ దాన్ని ఆపేసింది. ఇరవై రోజులు కూడా నిలవలేదు. .cm విషయంలో మాత్రం ఐకాన్ చేతిలో అలాంటి ఒప్పందం లేదు, కాబట్టి ఆపమనడానికి ఆధారమూ లేదు. 2009లో మెకాఫీ సంస్థ విడుదల చేసిన నివేదికలో అత్యంత ప్రమాదకరమైన దేశ సంకేతంగా .cm మొదటి స్థానంలో నిలిచింది. పరీక్షించిన .cm సైట్లలో 36.7 శాతం ప్రమాదకరమని తేలాయి.

ఆ తర్వాత .cm లో విడివిడిగా పేర్లు కొనుక్కోవడానికి వీలు కల్పించారు. అయినా తంతు ఆగలేదు, రూపం మారింది. పేరున్న సైట్లకు సరిపోయే .cm పేర్లను ఒకే చేయి గుత్తగా కొనిపెట్టుకోవడం మొదలైంది. 2018 మొదటి మూడు నెలల్లో అలాంటి ఒక సైట్ల గుంపుకు దాదాపు కోటీ ఇరవై లక్షల సందర్శనలు వచ్చినట్టు వాళ్ల సర్వర్ల లాగ్‌లలోనే బయటపడింది. ఆ జనమంతా వేరే ఎక్కడికో వెళ్లాలనుకుని, చేయి జారి వచ్చినవాళ్లు.

దీనికి తోబుట్టువు ఒమాన్‌ది, .om. ఇక్కడ జారే తీరు ఇంకా చిత్రం. c వదిలేస్తే netflix.om అవుతుంది, అది ఒక దారి. చుక్కా c తారుమారైతే examplec.om అవుతుంది, అది రెండో దారి. 2016లో ఇలాంటి మూడు వందలకు పైగా .om పేర్లు బయటపడ్డాయి. మ్యాక్ కంప్యూటర్‌తో వెళ్లినవారికి “ఫ్లాష్ అప్‌డేట్ చేసుకోండి” అని చూపించి, ప్రకటనలు చొప్పించే ప్రోగ్రామ్ అంటగట్టేవి.

మరి ఒక తోకలో వైల్డ్‌కార్డ్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? ఎవరూ కొని ఉండని పిచ్చిపేరు ఒకటి అడగండి.

```
dig qzxv7391ledu.cm
whois -h whois.iana.org cm
```

మొదటిదానికి `NXDOMAIN` వస్తే ఆ పేరు లేదని రిజిస్ట్రీ నిజం చెబుతోందన్నమాట. `NOERROR` వచ్చి, కింద ఐపీ చిరునామా కూడా ఇస్తే ఇంకో రెండు పిచ్చిపేర్లు అడగండి. అన్నిటికీ ఒకే చిరునామా వస్తే నక్షత్రం ఉంది. ఇక్కడ ఒక జాగ్రత్త: కొన్ని ఇంటర్నెట్ కంపెనీల డీఎన్ఎస్ సర్వర్లే లేని పేర్లకు తమ సొంత పేజీ చూపిస్తాయి. అందుకని చివర .com తోనూ ఒక పిచ్చిపేరు అడిగి చూడండి. దానికీ చిరునామా వస్తే వంకర మీ కనెక్షన్‌లో ఉంది, ఆ దేశంలో కాదు. రెండో ఆదేశం ఆ రెండక్షరాలు ఏ సంస్థ చేతిలో ఉన్నాయో చెబుతుంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా వెబ్ పేజీల సంగతి. పేజీ తప్పితే కనీసం కళ్లకు కనబడుతుంది. ఇదేదో వేరే సైటులా ఉందే అని వెనక్కి రావచ్చు. ఈమెయిల్‌లో ఆ అవకాశం కూడా లేదు. నన్నడిగితే అసలు భయపడాల్సింది ఇక్కడే.

మీరు తప్పు అడ్రస్‌కు మెయిల్ పంపారనుకోండి. మీ సర్వర్ ఆ డొమైన్‌కు మెయిల్ సర్వర్ ఏదని అడుగుతుంది. డొమైనే లేకపోతే మెయిల్ తిరిగొస్తుంది, మీకు తప్పు తెలుస్తుంది. డొమైన్ ఎవరో కొని, ఏ పేరుకు వచ్చిన మెయిల్ అయినా తీసుకునేలా సర్వర్ పెట్టి ఉంటే, అది నిశ్శబ్దంగా “అందింది” అంటుంది. మీకు ఏ కబురూ రాదు. జవాబు రాలేదే అనుకుని మళ్లీ పంపుతారు, అదే అడ్రస్‌కు. వైల్డ్‌కార్డ్ ఉన్న చోట ఆ పేరు ఎవరూ కొననక్కర్లేదు కూడా. మెయిల్ సర్వర్ వివరం విడిగా లేకపోతే, ఆ పేరుకున్న మామూలు ఐపీ చిరునామాకే మెయిల్ పంపి చూడాలన్నది ఇంటర్నెట్ నియమం.

2023లో మాలి దేశపు .ml విషయంలో జరిగింది ఇదే. అమెరికా సైన్యం వాడే ఇంటిపేరు .mil. అందులో i జారితే .ml. మాలి తరఫున ఆ రిజిస్ట్రీని 2013 నుంచి జోహానెస్ జుర్బియర్ అనే డచ్ వ్యాపారి నడిపాడు. army.ml, navy.ml లాంటి, అసలు ఎవరూ కొనని పేర్ల కోసం ప్రశ్నలు వస్తున్నాయని ఆయన గమనించాడు. ఎవరూ కొనని పేరును ఎవరు అడుగుతారు? దారి తప్పిన మెయిల్ అడుగుతుంది. వాటిని పట్టుకునే ఏర్పాటు చేసి చూస్తే, 2023 జనవరి నుంచి జూలై లోపు దాదాపు 1,17,000 మెయిళ్లు పోగుపడ్డాయి. చాలావరకు చెత్తే. కానీ వైద్య వివరాలు, గుర్తింపు పత్రాలు, ఓడల సిబ్బంది జాబితాలు వాటిలో ఉన్నాయి. అమెరికా సైన్యాధిపతి మే నెలలో ఇండోనేషియా వెళ్లినప్పటి ప్రయాణ వివరాలు, హోటల్ గది నంబర్లతో సహా ఉన్నాయి. జుర్బియర్ ఒప్పందం గడువు ఆ జూలైలోనే ముగిసింది, పగ్గాలు మాలి ప్రభుత్వం చేతికి వెళ్లాల్సిన సమయం వచ్చింది. అప్పుడుగానీ ఈ సంగతి పత్రికలకెక్కలేదు.

తమ .mil ఖాతాల నుంచి .ml కు వెళ్లే మెయిళ్లను ఆపుతూనే ఉన్నామని అమెరికా రక్షణశాఖ జవాబిచ్చింది. అది నిజమే, కానీ సగమే. సొంత జీమెయిల్ నుంచి పంపే సైనికుడు ఉన్నాడు, బయటి ట్రావెల్ ఏజెంటు ఉన్నాడు, కాంట్రాక్టరు ఉన్నాడు. వాళ్ల సర్వర్ల మీద రక్షణశాఖ నియమం పనిచేయదు. మీ సంస్థలో నియమం పెట్టుకున్నా ఈ పరిమితి ఉంటుందని గుర్తుంచుకోండి. మీరు పంపేవి ఆపగలరు. మీకు రావాల్సినవి తప్పుడు గూటికి చేరకుండా ఆపలేరు. దానికి ఆ జారుడు పేర్లను మీరే ముందుగా కొనిపెట్టుకోవాలి. కొన్నాక వాటికి మెయిల్ తీసుకోని విధంగా పెట్టాలి, అప్పుడు పంపినవారికి తిరిగివెళ్తుంది.

పంపేవాటిని ఆపడానికి, పోస్ట్‌ఫిక్స్ వాడేవాళ్లు ఇలా రాసుకోవచ్చు.

```
# /etc/postfix/recipient_tld
/\.(cm|om|ml)$/  REJECT Check the ending of this address
```

దీన్ని `smtpd_recipient_restrictions` లో `check_recipient_access regexp:/etc/postfix/recipient_tld` అని చేర్చాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు వరుస. `permit_mynetworks`, `permit_sasl_authenticated` అనే వరుసలు ముందుంటే, మీ సొంత ఉద్యోగుల మెయిల్ అక్కడే పాసైపోతుంది. మన నియమం దాకా రానేరాదు. బయటివాళ్ల మీద మాత్రమే పనిచేసే నియమం ఒకటి మిగులుతుంది, మనకు కావలసింది దానికి తలకిందులు. కాబట్టి ఆ రెంటికీ పైన పెట్టండి. మీకు నిజంగానే కామెరూన్‌లోనో ఒమాన్‌లోనో మాలిలోనో పనుంటే, వాళ్ల డొమైన్లను ఇదే ఫైల్లో పై వరుసలో DUNNO అని రాసుకోండి. ఈ ఫైల్‌ను పైనుంచి కిందికి చదువుతారు, మొదట సరిపోయిన వరుసే చెల్లుతుంది. ఆ దేశాల వాళ్లు నిజమైన మనుషులు, వాళ్ల నిజమైన సైట్లూ ఆ తోకలోనే ఉన్నాయి. గుడ్డిగా మూసేస్తే ఆ భారం వాళ్ల మీద పడుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో నుంచి ఒకరు: ఉచితంగా ఇచ్చే డొమైన్లలో మోసాలు ఎక్కువని అంటారు, నిజమేనా?)

నిజమే. టోకెలావు అని న్యూజిలాండ్ కింద ఉన్న దీవులు, జనాభా పదిహేను వందల చిల్లర. వాళ్ల .tk పేర్లు ఏళ్ల తరబడి ఉచితంగా ఇచ్చారు. .ml, .ga, .cf, .gq కూడా అదే కంపెనీ, ఫ్రీనోమ్, అలాగే ఇచ్చేది. మోసగాడికి లెక్క సులువు: ఒక పేరు పట్టుబడితే ఇంకో పేరు, ఖర్చు సున్నా. 2022 డిసెంబరులో మెటా సంస్థ కేసు వేసింది, 2023 మొదట్లో ఫ్రీనోమ్ కొత్త రిజిస్ట్రేషన్లు ఆపేసింది. ఆ ఏడాదే గాబన్ తన .ga ని వెనక్కి తీసుకుంది, దాంతో లక్షల పేర్లు రద్దయ్యాయి. ఉచిత పేరు మీద నిజమైన సైటు నడుపుకున్నవాళ్లు కూడా అందులో పోయారు.

(మరొకరు: మా ప్రాజెక్టు సైటు .io లో ఉంది. ఆ దీవులు మారిషస్‌కు ఇస్తున్నారుగా, మా పేరు పోతుందా?)

రేపు పోదు. .io బ్రిటిష్ హిందూ మహాసముద్ర ప్రాంతానిది. దాన్ని మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద బ్రిటన్, మారిషస్ 2025 మేలో సంతకాలు చేశాయి. అయితే డొమైన్ కథ మొదలయ్యేది సంతకంతో కాదు. ఐఎస్ఓ జాబితా నుంచి IO అనే సంకేతం తీసేయాలి. అది జరిగితే ఉపసంహరణ నోటీసు వస్తుంది. ఇప్పుడున్న విధానం ప్రకారం నోటీసు నుంచి ఐదేళ్ల గడువు, అడిగితే ఇంకో ఐదేళ్ల దాకా పొడిగింపు. యుగోస్లావియా .yu అలాగే 2010 మార్చిలో మూతపడింది. సోవియట్ యూనియన్ .su మాత్రం 1990లో వచ్చి, ఏడాది తిరిగేసరికి దేశమే లేకుండా పోయినా, ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి ఆ ఐఎస్ఓ జాబితా మీద ఓ కన్నేసి ఉంచండి. ఈలోగా అదే పేరు వేరే ఇంటిపేరుతో ఒకటి కొనిపెట్టుకుని, మీ మెయిల్ అడ్రస్‌లను ముందుగా అక్కడికి మార్చడం మొదలుపెట్టండి. సైటును ఒక్క రోజులో మార్చేయొచ్చు. మీ పాత మెయిల్ అడ్రస్‌తో తెరిచిన ఖాతాలన్నీ వెతికి మార్చడానికి నెలలు పడుతుంది.